మెంథాల్‌లో మూడో కైరల్ సెంటర్ ఎక్కడుంది? పాత పేపర్లలో ఐసోమర్లు లెక్కపెట్టే పద్ధతి

ప్రశ్న: సార్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ సెకండియర్ చదువుతున్నా. కోఠిలో కొన్న పాత ఎంసెట్, జేఈఈ పేపర్లు చేస్తున్నా. ఆర్గానిక్‌లో ఐసోమరిజం వచ్చిన ప్రతిసారీ లెక్క తప్పుతోంది. మెంథాల్‌లో కైరల్ సెంటర్లు నాకు రెండే కనిపించాయి, కీలో మూడు. 4-మిథైల్‌సైక్లోహెక్సనాల్‌లో నాకు రెండు వచ్చాయి, కీలో సున్నా. 2-మిథైల్‌బ్యూటేన్ మోనోక్లోరినేషన్‌కి ఒక పేపర్లో ఆన్సర్ 4, ఇంకో పేపర్లో 6. ఏది కరెక్టో తెలియక టెన్షన్‌గా ఉంది. కైరల్ సెంటర్లు వెతకడానికి ఒక పద్ధతి ఏమైనా ఉందా?

సమాధానం:

పద్ధతి ఉంది. మొదటి మెట్టులో కెమిస్ట్రీ కూడా పెద్దగా అక్కర్లేదు, బొమ్మలో ప్రతి మూల దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెడితే చాలు.

పేపర్లో వచ్చే గీతల బొమ్మలో హైడ్రోజన్లు కనిపించవు. అసలు చిక్కంతా అక్కడే. ఒక గీత ఊరికే ఆగిపోయిందంటే అక్కడ CH3 ఉంది. రెండు గీతలు కలిసే మూల CH2. ఈ రెండింటిలోనూ ఒకే రకం హైడ్రోజన్లు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి కైరల్ అయ్యే ప్రసక్తే లేదు. మూడు గీతలు కలిసే మూలలో ఒక హైడ్రోజన్ దాగి ఉంటుంది, ఆ కార్బన్‌కు నాలుగు వైపులా నాలుగు వేర్వేరు గ్రూపులు ఉన్నాయో లేదో పరీక్షించాలి, ఉంటేనే అది కైరల్. నాలుగు గీతలు కలిస్తే హైడ్రోజన్ ఉండదు, అయినా దాన్నీ పరీక్షించాలి. డబుల్ బాండ్ గానీ ట్రిపుల్ బాండ్ గానీ ఉన్న కార్బన్‌ను, అంటే C=O కార్బన్, బెంజీన్ రింగ్ కార్బన్లతో సహా, అప్పటికప్పుడే కొట్టెయ్. పెన్సిల్‌తో నిజంగానే కొట్టెయ్, మనసులో కాదు. ఇందుకు పది సెకన్లు కూడా పట్టదు. కొట్టెయ్యగా మిగిలిన మూలలకు మాత్రం చిన్న చుక్క పెట్టు. ఇక నీ దృష్టంతా ఆ చుక్కల మీదే ఉండాలి.

ఇప్పుడు మెంథాల్ తీసుకుందాం. ప్రశ్నలో బొమ్మ ఇవ్వకుండా పేరు మాత్రమే ఇచ్చినా భయపడకు, ఐయూపీఏసీ పేరులోనే బొమ్మ ఉంది: 5-మిథైల్-2-(ప్రొపాన్-2-యిల్)సైక్లోహెక్సన్-1-ఆల్. ఆరు మూలల రింగ్ గీసి ఒక మూలకు OH పెట్టు, అది 1. పక్క మూల 2, అక్కడ ఐసోప్రొపైల్. అదే దిశలో ముందుకెళ్తే 5 దగ్గర మిథైల్. నెంబర్లు అటువైపు నుంచి ఎందుకు వెయ్యలేదంటావా? అలా వేస్తే గ్రూపుల స్థానాలు 3, 6 అవుతాయి, ఇలా వేస్తే 2, 5. మొదటి తేడా దగ్గర చిన్న నెంబర్ వచ్చే దారినే ఎంచుకోవాలి. ఇక గీతలు లెక్కపెట్టు. 3, 4, 6 మూలల్లో రెండేసి గీతలు, కొట్టెయ్. చివర్లలో ఆగిన మూడు మిథైల్స్ కొట్టెయ్. చుక్కలు పడేవి నాలుగు చోట్ల: 1, 2, 5 మూలల్లో, ఇంకొకటి రింగ్ బయట ఐసోప్రొపైల్ మధ్య కార్బన్ మీద.

ఆ నాలుగోదాన్ని ముందే తీసెయ్యవచ్చు. ఐసోప్రొపైల్ మధ్య కార్బన్‌కు రెండు మిథైల్స్ వేలాడుతున్నాయి, రెండూ ఒకటే. ఇది ప్రతి పేపర్లోనూ కనిపించే వల. మూడు గీతలు కలుస్తున్నాయి కదా అని పిల్లలు దాన్ని కూడా లెక్కలో వేసేస్తారు. చెట్టు కొమ్మలా రెండుగా చీలి రెండు చివర్లూ ఊరికే ఆగిపోతే, ఆ చీలిక దగ్గరి కార్బన్ ఎప్పటికీ కైరల్ కాదు.

మిగిలిన మూడింటినీ కొమ్మ కొమ్మగా పోల్చాలి. ఒకటో కార్బన్ తేలిక. OH, H, ఒకవైపు ఐసోప్రొపైల్ ఉన్న రెండో కార్బన్, మరోవైపు ఖాళీ CH2. నాలుగూ వేరు, కైరల్. రెండో కార్బన్‌కు H, ఐసోప్రొపైల్, ఒకవైపు OH ఉన్న కార్బన్, మరోవైపు CH2. ఇదీ కైరల్. ఈ రెండూ నీకు దొరికాయి.

నువ్వు వదిలేసింది ఐదో కార్బన్‌ని. ఎందుకు వదిలేశావో కూడా ఊహించగలను. దాని అటూ ఇటూ చూస్తే రెండు వైపులా CH2లే. 'రెండు CH2లు ఒకటే కదా' అని అక్కడే ఆగిపోయి ఉంటావు. రింగ్‌లో అలా మొదటి అడుగులోనే తేల్చకూడదు. సచివాలయం దగ్గర ఇద్దరు స్నేహితులు బయల్దేరి, ఒకరు ట్యాంక్‌బండ్ మీదుగా, ఇంకొకరు నెక్లెస్ రోడ్డు మీదుగా హుస్సేన్ సాగర్ చుట్టూ నడుస్తున్నారనుకో. ప్రతి అడుగులోనూ ఫోన్లో 'నాకేం కనిపించింది, నీకేం కనిపించింది' అని చెప్పుకోవాలి. ఇద్దరూ మళ్లీ కలిసేదాకా చెప్పింది ఒకటే అయితే రెండు దారులూ ఒకటే. మధ్యలో ఒక్కచోట తేడా వచ్చినా రెండు దారులూ వేరే.

మెంథాల్ ఐదో కార్బన్ నుంచి అలా నడిచి చూడు. మొదటి అడుగు: ఒకవైపు నాలుగో కార్బన్, CH2. మరోవైపు ఆరో కార్బన్, అదీ CH2. తేడా లేదు, ముందుకెళ్లు. రెండో అడుగు: ఒకవైపు మూడో కార్బన్, మళ్లీ CH2. మరోవైపు ఒకటో కార్బన్, దానికి OH ఉంది. తేడా వచ్చేసింది, ఇక నడవక్కర్లేదు. ఐదో కార్బన్‌కు H, CH3, ఈ రెండు వేర్వేరు దారులు కలిపి నాలుగు వేరు గ్రూపులు. అదే నీకు దొరకని మూడో కైరల్ సెంటర్. కాబట్టి 2^3, అంటే ఎనిమిది స్టీరియోఐసోమర్లు. ఆ ఎనిమిదికీ నిజంగా పేర్లున్నాయి: మెంథాల్, నియోమెంథాల్, ఐసోమెంథాల్, నియోఐసోమెంథాల్ అని నాలుగు జతలు, ఒక్కో జతలో రెండు ఎనాన్షియోమర్లు. పుదీనా మొక్కలో దొరికే (–)-మెంథాల్ ఈ ఎనిమిదిలో ఒకటి, దాని కాన్ఫిగరేషన్ 1R,2S,5R.

అదే నడకను 4-మిథైల్‌సైక్లోహెక్సనాల్ మీద చేస్తే నీ రెండో సందేహం తీరిపోతుంది. OH ఉన్న కార్బన్ దగ్గర బయల్దేరు. మొదటి అడుగు రెండు వైపులా CH2, రెండో అడుగు రెండు వైపులా CH2, మూడో అడుగులో ఇద్దరూ మిథైల్ ఉన్న నాలుగో కార్బన్ దగ్గరే కలిశారు. దారి పొడవునా తేడా లేదు. మిథైల్ ఉన్న కార్బన్ నుంచి బయల్దేరినా అంతే. కాబట్టి కైరల్ సెంటర్లు సున్నా, కీ కరెక్టే.

ఇక్కడే ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకో. కైరల్ సెంటర్లు సున్నా అంటే స్టీరియోఐసోమర్లు లేవని కాదు. OH, CH3 రింగ్‌కు ఒకే వైపున ఉంటే సిస్, చెరోవైపు ఉంటే ట్రాన్స్. ఇవి రెండు వేరు వేరు పదార్థాలు. రెండింటికీ దర్పణ ప్రతిబింబం తనే, కాబట్టి రెండూ ఆప్టికల్‌గా ఇనాక్టివ్. 'కైరల్ కార్బన్లు ఎన్ని' అంటే సున్నా, 'స్టీరియోఐసోమర్లు ఎన్ని' అంటే రెండు, 'ఆప్టికల్లీ యాక్టివ్ ఐసోమర్లు ఎన్ని' అంటే మళ్లీ సున్నా. బొమ్మ ఒకటే, ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆన్సర్ మారిపోతుంది.

నీ మూడో సందేహం కూడా సరిగ్గా ఇదే. 2-మిథైల్‌బ్యూటేన్‌కు నాలుగూ కరెక్టే, ఆరూ కరెక్టే, ప్రశ్న ఏమడిగిందన్నదే తేడా. దీన్ని పూర్తిగా చేసి చూపిస్తా, ఎందుకంటే పేరు పెట్టడం, ఐసోమర్లు లెక్కపెట్టడం రెండూ ఒకదానికొకటి ఎలా కాపలా కాస్తాయో ఇక్కడ బాగా తెలుస్తుంది.

CH3-CH(CH3)-CH2-CH3 లో క్లోరిన్ ఎక్కడెక్కడ చేరగలదో చూడు. ఎడమ చివరి CH3 మీద చేరితే ClCH2-CH(CH3)-CH2-CH3. కొమ్మగా ఉన్న CH3 మీద చేరితే బొమ్మ వేరేగా కనిపిస్తుంది, చాలామంది దానికి '2-(క్లోరోమిథైల్)బ్యూటేన్' అని ఇంకో పేరు పెట్టేసి ఐదో ఐసోమర్‌గా లెక్కవేస్తారు. క్లోరిన్ ఎలాగూ గ్రూపుగానే లెక్క, ముందు పొడవైన చైన్ చూడాలి. నాలుగు కార్బన్ల చైన్‌ను క్లోరిన్ ఉన్న కార్బన్ నుంచే గీయవచ్చు, అలా గీస్తే గ్రూపులు రెండు దొరుకుతాయి. చైన్ పొడవు సమానమైనప్పుడు ఎక్కువ గ్రూపులు దొరికే చైన్‌నే తీసుకోవాలి. అప్పుడు పేరు 1-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్. రెండు బొమ్మలకీ ఒకే పేరు వచ్చిందంటే అవి రెండూ ఒకే పదార్థం.

రెండోది, మూడు కార్బన్లు కలిసే చోట చేరితే 2-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్. మూడోది, CH2 మీద చేరితే CH3-CHCl-CH(CH3)2. ఇక్కడ పేరు దగ్గర ఒక చిక్కు ఉంది. ఏ వైపు నుంచి నెంబర్లు వేసినా 2, 3 వస్తాయి. నెంబర్లు టై అయితే ఇంగ్లిష్ అక్షరక్రమంలో ముందొచ్చే గ్రూపుకు చిన్న నెంబర్ ఇవ్వాలి. మిథైల్ కన్నా క్లోరో ముందు, కాబట్టి 2-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్. పాత పేపర్ల ఆప్షన్లలో 3-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్ పక్కనే కూర్చుని ఉంటుంది, దాని జోలికి పోకు. నాలుగోది, కుడి చివర చేరితే 1-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్.

నిర్మాణపరంగా నాలుగు. ఇప్పుడు ఒక్కోదాని మీద చుక్కల పద్ధతి నడుపు. 1-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్‌లో రెండో కార్బన్‌కు H, CH3, C2H5, CH2Cl ఉన్నాయి, కైరల్, కాబట్టి రెండు రూపాలు. 2-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్‌లో రెండు మిథైల్స్, కాదు, ఒకటే రూపం. 2-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్‌లో క్లోరిన్ ఉన్న కార్బన్‌కు H, Cl, CH3, ఐసోప్రొపైల్, కైరల్, రెండు రూపాలు. చివరిదానిలో ఏమీ లేదు, ఒకటే. రెండు, ఒకటి, రెండు, ఒకటి, మొత్తం ఆరు.

'స్టీరియోఐసోమర్లతో కలిపి ఎన్ని' అంటే ఆరు. 'నిర్మాణ ఐసోమర్లు ఎన్ని' అంటే నాలుగు. 'ప్రాడక్టును ఫ్రాక్షనల్ డిస్టిలేషన్ చేస్తే ఎన్ని భాగాలు వస్తాయి' అన్నా నాలుగే, ఎందుకంటే ఎనాన్షియోమర్ల జతకు మరిగే ఉష్ణోగ్రత ఒకటే, మామూలు స్వేదనంలో అవి విడిపోవు. అదే ప్రశ్న కొనసాగించి 'ఆ భాగాల్లో ఆప్టికల్లీ యాక్టివ్ ఎన్ని' అని అడిగితే సున్నా. కైరల్ కార్బన్ ఉన్న రెండు భాగాల్లోనూ R, S రూపాలు సగం సగం ఉంటాయి, అంటే రెసిమిక్ మిశ్రమాలు. నీ రెండు పేపర్లలో ప్రశ్న వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువు, ఏది ఏది అడిగిందో నీకే తెలిసిపోతుంది. పేపర్ చేసేటప్పుడు 'structural', 'stereo', 'total', 'fractions' లాంటి మాట కింద గీత గీసుకున్నాకే లెక్క మొదలుపెట్టు.

ఇప్పుడు పద్ధతికి అవతల ఉన్నవి చెప్తా. కైరల్ సెంటర్లు దొరకగానే 2^n వేసెయ్యడం పాత పేపర్లలో మార్కులు పోయే రెండో పెద్ద చోటు. ఆ లెక్క గరిష్ఠం మాత్రమే. రెండు సందర్భాల్లో అది తగ్గుతుంది.

ఒకటి, అణువు రెండు సగాలూ ఒకేలా ఉన్నప్పుడు. 2,3-డైక్లోరోబ్యూటేన్, 2,3-డైక్లోరోపెంటేన్ పక్కపక్కన పెట్టి చూడు. రెండింటిలోనూ కైరల్ సెంటర్లు రెండే. మొదటిదానిలో రెండో కార్బన్ చుట్టూ H, Cl, CH3, CHCl-CH3 ఉన్నాయి. మూడో కార్బన్ చుట్టూ కూడా అవే నాలుగు. జాబితా ఒకటే అయినప్పుడు R,S అన్నా S,R అన్నా ఒకే అణువు, అదే మీసో. కాబట్టి నాలుగు కాదు, మూడు. పెంటేన్ విషయంలో రెండో కార్బన్‌కు చివర CH3, మూడోదానికి చివర C2H5, జాబితాలు వేరు, నాలుగు పూర్తిగా ఉంటాయి. టార్టారిక్ ఆమ్లానిది మొదటి రకం, అందుకే దానికి మూడే స్టీరియోఐసోమర్లు. 1848లో పాశ్చర్ సూక్ష్మదర్శిని కింద చేత్తో ఏరి వేరు చేసింది దీని లవణపు స్ఫటికాలనే, ఆ ప్రయోగం నుంచే ఈ అధ్యాయం మొదలైంది. రింగ్‌లో కూడా ఇంతే: 1,2-డైమిథైల్‌సైక్లోహెక్సేన్‌లో ట్రాన్స్ ఒక ఎనాన్షియోమర్ జత, సిస్ మీసో, మొత్తం మూడు.

రెండోది, రింగ్ ఆకారం కొన్ని అమరికలను అసలు ఏర్పడనివ్వనప్పుడు. దీనికి మన పూజగదిలోని కర్పూరం కన్నా మంచి ఉదాహరణ లేదు. సహజ కర్పూరం అసలు పేరు 1,7,7-ట్రైమిథైల్‌బైసైక్లో[2.2.1]హెప్టాన్-2-ఓన్. చుక్కలు పెట్టి చూస్తే ఏడో కార్బన్‌కు రెండు మిథైల్స్, అది పోయింది. రెండోది C=O, అది పోయింది. మిగిలినవి వంతెన మొదట్లో ఉన్న 1, 4 కార్బన్లు. నాలుగో కార్బన్‌కు H ఉంది, మూడు దారులు బయల్దేరతాయి. మూడో కార్బన్ దారిలో రెండో అడుగుకే C=O వస్తుంది, ఐదో కార్బన్ దారిలో CH2 వస్తుంది, ఏడో కార్బన్ దారిలో మొదటి అడుగులోనే రెండు మిథైల్స్. కైరల్. ఒకటో కార్బన్‌కు అసలు హైడ్రోజనే లేదు: మిథైల్, C=O, CH2, ఏడో కార్బన్. నాలుగూ వేరు, ఇదీ కైరల్. మొత్తం రెండు. కానీ 2^2 అంటే నాలుగు అని రాయకు. ఆ వంతెన పొట్టిది, అది రింగ్‌కు ఒకే వైపు నుంచి మాత్రమే రెండు మూలల్నీ కలపగలదు. ఒక మూల కాన్ఫిగరేషన్ తేలగానే రెండోది దానికదే తేలిపోతుంది. కాబట్టి ఉన్నవి రెండే, (+), (–) కర్పూరాలు.

ఒకటో కార్బన్ గురించి ఇంకో మాట. పిల్లలు CH కోసమే వెతుకుతారు, హైడ్రోజన్ లేని కార్బన్ మీద కన్ను ఆగదు. నాలుగు గీతలు కలిసే మూలను మొదటే చుక్క పెట్టమని చెప్పింది అందుకే.

రెండు కొమ్మలు ఒకటే అని తేల్చే ముందు చూడాల్సిన మెలిక ఇంకొకటి ఉంది. జేఈఈ స్థాయిలో ఇది తగులుతుంది. హెప్టా-2,5-డయీన్-4-ఆల్ తీసుకో, CH3-CH=CH-CH(OH)-CH=CH-CH3. నాలుగో కార్బన్‌కు రెండు వైపులా అక్షరాలా అదే కొమ్మ. కైరల్ కాదని చెప్పేసి, డబుల్ బాండ్లు రెండు కాబట్టి EE, ZZ, EZ అని మూడు రాసేస్తారు. ఆన్సర్ నాలుగు. ఒక డబుల్ బాండ్ E, ఇంకొకటి Z అయిన అణువులో ఆ రెండు కొమ్మలు ఇక ఒకటి కావు, ఆకారం వేరు. అప్పుడు నాలుగో కార్బన్ H, OH, E-కొమ్మ, Z-కొమ్మలతో కైరల్ అయిపోతుంది, దానికి R, S రెండు రూపాలు వస్తాయి. EE ఒకటి, ZZ ఒకటి, EZ రెండు. కాబట్టి ఫార్ములాలో ఒకేలా ఉన్న రెండు కొమ్మల్లో డబుల్ బాండ్ గానీ మరో కైరల్ సెంటర్ గానీ ఉంటే అక్కడ ఒక్క క్షణం ఆగు.

అలాగే కైరల్ సెంటర్ ఒక్కటీ లేకుండానే ఆప్టికల్‌గా యాక్టివ్ అయ్యే అణువులున్నాయి. పెంటా-2,3-డయీన్ అలాంటిదే: రెండు డబుల్ బాండ్లు ఒకే కార్బన్ మీద ఉంటే చివరి గ్రూపులు రెండు లంబ తలాల్లోకి తిరిగిపోతాయి, దర్పణ ప్రతిబింబం దానితో ఏకీభవించదు. చుక్కల పద్ధతి కార్బన్ సెంటర్లను పట్టుకోవడానికే, ఇలాంటివి దానికి దొరకవు. C=C=C కనిపిస్తే విడిగా చూడాలి.

పాత పేపర్లలో పాత పేర్లు కూడా వస్తాయి, వాటి దగ్గర ఆగిపోకుండా వెంటనే కార్బన్ బొమ్మలోకి మార్చుకో. 'sec-బ్యూటైల్' అంటే CH3-CH(–)-C2H5, దానికి OH గానీ Cl గానీ తగిలిస్తే కైరల్. 'ఐసోబ్యూటైల్' అంటే చివర రెండు మిథైల్స్, కాదు. 'యాక్టివ్ అమైల్ ఆల్కహాల్' అంటే 2-మిథైల్‌బ్యూటన్-1-ఆల్, కైరల్ ఉన్నట్టు పేరులోనే ఉంది. 'ఐసోఅమైల్ ఆల్కహాల్' 3-మిథైల్‌బ్యూటన్-1-ఆల్, కాదు. చిన్న d, l అంటే కాంతి ఎటు తిరిగిందన్న కొలత, పెద్ద D, L అంటే గ్లిసరాల్డిహైడ్‌తో పోల్చి చెప్పే అమరిక. రెండూ ఒకటి కాదు, D-ఫ్రక్టోజ్ కాంతిని ఎడమకే తిప్పుతుంది.

R, S పేర్లు రాసేటప్పుడు మాత్రం 'వేరేనా కాదా' అన్నది సరిపోదు, ఏది పెద్దదో తేల్చాలి. అక్కడ పిల్లలు గ్రూపు మొత్తం బరువు చూస్తారు. అలా కాదు. CH2OH, C(CH3)3 మధ్య చూడు. రెండింటిలోనూ మొదటి పరమాణువు కార్బన్. దానికి తగిలి ఉన్నవి ఒకవైపు O, H, H, మరోవైపు C, C, C. పెద్దవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ పోల్చితే మొదటి పోలికలోనే O గెలుస్తుంది. CH2OHకే ప్రాధాన్యం, తర్వాత మూడు కార్బన్లున్నా ప్రయోజనం లేదు.

కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే బండిల్స్‌లో కీ తప్పులు ఉంటాయి, అచ్చు తప్పులైతే మరీ ఎక్కువ. ఈఏపీసెట్‌కైనా జేఈఈ మెయిన్‌కైనా ముందు ప్రాథమిక కీ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకున్నాక తుది కీ ఇస్తారు. నీ ఆన్సర్‌కూ కీకీ పొంతన కుదరకపోతే ఆ సంవత్సరం తుది కీతో సరిచూడు. అక్కడా తేడా ఉంటే బొమ్మలో గీతలు మళ్లీ లెక్కపెట్టు.

ఇది చేతికి ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి కొలెస్టరాల్ బొమ్మ తీసుకో, టెక్స్ట్‌బుక్‌లో ఉంటుంది. సరైన ఆన్సర్ ఎనిమిది: స్టెరాయిడ్ నెంబర్ల ప్రకారం 3, 8, 9, 10, 13, 14, 17, 20. నీకు తొమ్మిది వస్తే పక్క చైన్ చివర రెండు మిథైల్స్ ఉన్న 25వ కార్బన్‌ను కలిపేసి ఉంటావు. ఆరే వస్తే హైడ్రోజన్ లేని 10, 13 కార్బన్లను దాటేసి ఉంటావు, రెండు రింగులు కలిసే చోట మిథైల్ నిలబడి ఉన్నవి అవే. ఏడు వస్తే ముందు OH ఉన్న 3వ కార్బన్‌ను చూడు. దానికి అటూ ఇటూ మొదటి అడుగులో CH2లే, రెండో అడుగులో ఒకవైపు మరో CH2, మరోవైపు డబుల్ బాండ్ ఉన్న 5వ కార్బన్. నువ్వు మెంథాల్‌లో ఆగిపోయింది సరిగ్గా ఇలాంటి చోటే.